రైటుకి తిప్పమంటే

ఆమె ముప్పై ఒక్కేళ్లు కోర్టులో షార్ట్‌హ్యాండ్ రాసింది. సాక్షి తడబడితే తడబాటు, లాయరు బుకాయిస్తే బుకాయింపు, అన్నది అన్నట్టు కాగితం మీదికి దించింది. ఒకరి మాటను మరొకరు చక్కదిద్దడమంటే ఆమె లెక్కలో దొంగతనమే. కాకపోతే దొంగకు జైలు, చక్కదిద్దేవాడికి ప్రమోషను.

రిటైరయ్యాక ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక, టైర్ల దుకాణం పైన మూడు గదుల్లో నడిచే ఒక రోబో కంపెనీలో చేరింది. రికార్డు చేసిన మాటలు హెడ్‌ఫోన్లో విని టైపు చెయ్యాలి, అంతే పని. ఆఫీసులో అందరూ ఆమె పిల్లల ఈడువాళ్లు. మొదటి రోజు సాయంత్రానికే అందరికీ పిన్ని అయిపోయింది.

కంపెనీ తయారుచేస్తున్నది ఒక బండి. ఆసుపత్రి లాండ్రీలో తడి దుప్పట్లను ఉతికే మిషన్ల దగ్గర్నుంచి ఆరబెట్టే మిషన్ల దగ్గరికి మోస్తుంది. అక్కడివాళ్ల చేతులు ఖాళీగా ఉండవు కనుక నోటితో చెబితే వినాలి. విన్న శబ్దాన్ని అది ముందు అక్షరాలుగా మార్చుకుంటుంది, ఆ అక్షరాలను బట్టి ఏం చెయ్యాలో తేల్చుకుంటుంది. అది నేర్చుకోవాలంటే వేలకొద్దీ మాటల ముక్కలు, ఒక్కో ముక్క పక్కన దాని రాత ఉండాలి.

పిన్ని "కొంచెం రైటుకి తిప్పు" అని టైపు చేసిన చోట రెండు రోజుల తర్వాత "కొంచెం కుడివైపునకు తిప్పుము" అని కనబడింది. ఆమె లేచి మేనేజరు గదికి వెళ్లింది.

"ఇది ఎవరు మార్చారు బాబూ?"

"నేనే పిన్నిగారూ. మనది తెలుగు ప్రోడక్ట్. ఇంగ్లీష్ వర్డ్స్ ఉంటే క్లయింట్‌కి రాంగ్ మెసేజ్ వెళ్తుంది."

"రికార్డింగులో ఆవిడ రైటు అంది. కుడి అనలేదు."

"మీనింగ్ ఒకటే కదా."

"మీనింగ్ మీకు తెలుసు. బండికి తెలుసా?"

పక్కనే ఉన్న ఇంజనీరమ్మాయి నెమ్మదిగా కల్పించుకుంది. "సర్, అది శబ్దానికీ అక్షరానికీ ముడి వేసుకుంటూ నేర్చుకుంటుంది. మన దగ్గరున్నదే కొద్దిపాటి డేటా. అందులో రైటు అన్నచోటల్లా కుడి అని రాస్తే దాని బుర్ర చెడుతుంది. రైటు, కుడి ఒకటేనన్నది తర్వాతి మెట్టులో చెబుదాం."

మేనేజరు తల ఊపాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే. ఆ సాయంత్రం ఏసీ గదిలో నిలబడి, వార్తలు చదివే గొంతుతో "కుడివైపునకు తిరుగుము" అన్నాడు. బండి తిరిగింది. చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్లందరికీ జీతం ఇచ్చేది ఆయనే.

లాండ్రీలో మొదటి పరీక్షకు పిన్ని కూడా వెళ్లింది. లోపల అడుగుపెట్టగానే ఆమె చెవులు దిబ్బడేశాయి. ఆరు మిషన్లు ఒకేసారి నీళ్లు పిండుతున్నాయి, పైన ఫ్యాన్ల హోరు, కింద బండి మోటారు మోత. ఆ మోటారుకు జానెడు దూరంలోనే దాని మైకు. ఇంతమంది చదువుకున్నవాళ్లు కలిసి చెవిని తీసుకెళ్లి నోటి పక్కన పెట్టారు కదా అనుకుంది.

అక్కడ పని చూసే ఆవిడను అందరూ లాండ్రీ అక్క అంటారు. ఆమె దుప్పట్లు నింపి, బండి వీపు మీద తట్టి, "రైట్, ఇక పోనీ" అంది. సరే, బయల్దేరు అని. బండి తెర మీద "కుడి" అని పడింది. అది కుడికి తిరిగి, ఉతికి మడిచిన దుప్పట్ల ర్యాకు వైపు సాగింది.

"ఆగు. ఆగెహె. స్టాప్, స్టాప్."

తెర మీద ఒక్క అక్షరం పడలేదు. అక్క పరుగెత్తి ఎర్ర బటన్ గుద్దేసరికి ర్యాకు పక్కకు ఒరిగి, పొద్దుటి నుంచి ఐదుగురు మడిచినవన్నీ తడి నేల మీద పరుచుకున్నాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు.

"మీరు కొంచెం క్లియర్‌గా, స్లోగా మాట్లాడాలమ్మా," అన్నాడు మేనేజరు.

అక్క తడిసిన దుప్పటి ఎత్తి పిండుతూ, ఆయన వైపు చూడకుండానే అంది. "మా నోళ్లు మార్చుకోడానికి ఇదెందుకు సార్? తోసుకుంటే మాట్లాడకుండానే పోతుంది."

మర్నాడు మీటింగు. మేనేజరు అరగంట మాట్లాడాడు. పిన్ని చెయ్యి ఊరుకోలేదు, పాత అలవాటు. ఆయన ముగించగానే నోట్‌బుక్ ఎత్తి చదివింది.

"'యాక్చువల్‌గా మన డేటాలో ప్యూరిటీ మెయింటైన్ చెయ్యడమే మెయిన్ ఫోకస్. యూజర్స్‌ని కూడా ప్రాపర్ తెలుగుకి ట్రెయిన్ చేస్తే ఇష్యూ సాల్వ్ అయిపోతుంది.' ఇది మీ మాటే బాబూ. కామా కూడా మార్చలేదు. మీరు ఇలా మాట్లాడితే బండి వింటుందంటారా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వాపుకోవడానికి నీళ్లు తాగబోతే ఒకడికి పొలమారింది. ఫైళ్లు పాత రాతకు మార్చడానికి మేనేజరు ఒప్పుకున్నాడు, అదేదో తనకే తట్టినట్టు.

గెలిచానన్న ఆనందం పిన్నికి మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. ఇంజనీరమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చి పక్కన కూర్చుంది.

"పిన్నిగారూ, లాండ్రీ నుంచి వచ్చిన రికార్డింగుల్లో నాలుగు వందల ముక్కల పక్కన మీరు 'వినబడలేదు' అని రాసి తీసేశారు."

"వినబడలేదు కాబట్టే."

"అవే మనకు కావాల్సినవి. మిగిలినవన్నీ మిషన్లు ఆగినప్పుడు మాట్లాడినవి."

పిన్ని ఆ జాబితాను పైనుంచి కిందిదాకా చూసింది. మేనేజరు మాటలను కడిగాడు. తను మోతను కడిగేసింది. అన్నది అన్నట్టు రాస్తానని ఊరంతా చాటుకున్న మనిషి, చెవికి కష్టమైనదల్లా చెత్తబుట్టలో వేసింది. కోర్టులో సాక్షి గొంతు పూడుకుపోతే తిరిగి చెప్పించేది తప్ప, ఎప్పుడూ ఖాళీ వదల్లేదు.

"ఆఫీసులో మాటలకే మిషన్ల మోత కలిపితే?" అని అడిగింది చివరికి.

"అదీ చేస్తాం. రకరకాల మోతాదుల్లో."

"చాలదు. మా ఆయనకు చెవుడు. ఆయనతో అరిచి మాట్లాడితే నా గొంతే వేరు. అక్షరాలు సాగుతాయి, చివర్లు తెగిపోతాయి. హోరులో మనుషులు అలాగే అరుస్తారు. ఆ అరుపులే కావాలి."

రెండు వారాలు ఇద్దరూ లాండ్రీలోనే ఉన్నారు. మైకులను మోటారుకు దూరంగా, బండి పైకి ఎక్కించారు. మిషన్లు తిరుగుతుండగానే అక్కడ పనిచేసే ఆడవాళ్ల మాటలు పట్టారు. పిన్నికి అందని ముక్కలను వాళ్లకే వినిపిస్తే, "అది 'బ్యాకుకి రా' అండి, వినబడట్లేదూ?" అని జాలిపడ్డారు. రైటు అన్న మాటను పిన్ని ఒక్కో చోట ఒక్కోలా కాకుండా ఒకే తీరున, తెలుగు అక్షరాల్లోనే రాసింది. ఆగు, ఆపు, స్టాప్, ఉండుండు అన్నీ ఒకే పని కిందికి వచ్చాయి. ఒట్టి "రైట్" అంటే బండి తిరగదు, "రైటుకి తిప్పు" అంటేనే తిరుగుతుంది. సందేహం వస్తే అడుగుతుంది. ఆగమన్నట్టు ఏ కాస్త అనిపించినా అడక్కుండా ఆగిపోతుంది.

రెండో పరీక్షలో బండి ర్యాకు జోలికి పోలేదు. ఆడవాళ్లు తమలో తాము "ఆగవే" అనుకున్నా ఆగిపోయింది, ఒక్క పొద్దుటిపూటే ఎనిమిదిసార్లు. మేనేజరు మొహం చిట్లించాడు. "ఆగినందుకు ఎవరి కాలూ విరగదు సార్," అంది అక్క.

ఆ తర్వాత మేనేజరు ఎక్కడో స్టేజీ ఎక్కి, ప్రజల భాషను గౌరవించాలని తాను మొదటినుంచీ అనుకున్నానని చెప్పాడట. విని పిన్ని మూతి తిప్పింది.

ఇప్పుడు ఆమె వారానికో రోజు లాండ్రీకి వెళ్తుంది. ఆ మాట అన్న మనిషి ఒకసారి వినేదాకా ఏ ముక్కనూ తీసెయ్యదు. మొన్న ఒకటి నాలుగుసార్లు విన్నా అందక, హెడ్‌ఫోన్ అక్క చెవికి పెట్టింది. అక్క విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది బండినన్నది కాదండీ. మా సూపర్‌వైజర్ని. కొట్టేయండి."

"కొట్టెయ్యను," అని పిన్ని ఆ తిట్టును అక్షరం పొల్లు పోకుండా టైపు చేసి, పక్కన "బండికి కాదు" అని రాసింది.