మూసిన ఫైలు మీద ఇవాళ్టి తేదీ

ఆఫీసులో ఆమెను ఆధారమక్క అనేవారు. ఎవరు ఏ అంకె పట్టుకొచ్చినా ముందు "ఆధారమేది?" అని అడిగేది కాబట్టి ఆ పేరు వచ్చింది. "పెళ్లిచూపుల్లో నన్ను కూడా అదే అడిగింది, ఇప్పటిదాకా చూపించలేకపోయాను" అని భర్త నవ్వించేవాడు. కంపెనీల లెక్కలు తనిఖీ చేసే ఆ ఆడిట్ ఆఫీసులో ఆమె పంతొమ్మిదేళ్లు పనిచేసింది. అన్నేళ్లలో ఒక్కసారి మాత్రం ఆధారం అడగలేదు.

నీటి పంపుల విడిభాగాలు అమ్మే ఒక కంపెనీ లెక్కలు ఆమె చేతి మీదుగా వెళ్లేవి. పన్నెండు డిపోలు, వేల రకాల సరుకు. రబ్బరు సీళ్లు, బేరింగులు, వాల్వులు. అమ్ముడుపోకుండా మూలుగుతున్న సరుకు విలువను ఏటా పుస్తకాల్లో తగ్గించి రాయాలి. ఏది మూలుగుతోందో, ఏది కదులుతోందో ఒకప్పుడు డిపోల వాళ్లు తిరిగి చూసి చెప్పేవారు. తర్వాత కంపెనీ ఆ పని మెషిన్ లెర్నింగ్ టూల్‌కు అప్పగించింది. ఒక్కో సరుకు పాత కదలికలు చదివి, ఏడాదిలోపు అమ్ముడుపోయే అవకాశం ఎంతో అది చెబుతుంది. దాన్నిబట్టే విలువ తగ్గింపు, దాన్నిబట్టే కొత్త కొనుగోళ్లు.

టూల్ వచ్చిన మొదటి ఏడాది నివేదిక గడువుకు నాలుగు రోజులే ఉంది. టూల్ అమ్మినవాళ్లు ఇచ్చిన పత్రంలో కచ్చితత్వం తొంభై నాలుగు శాతమని ఉంది. టూల్ ఇచ్చిన మొత్తం, పుస్తకాల్లోని మొత్తం సరిపోయాయి. ఆమె ఫైల్లో ఒక్క వాక్యం రాసింది: "టూల్‌ను పరిశీలించాం, ఆధారపడవచ్చు." కింద సంతకం పెట్టింది. నిజానికి ఆమె పరిశీలించింది ఆ పత్రాన్ని మాత్రమే.

ఆ వాక్యం మరుసటి ఏడాదంతా ఆమెను గుచ్చుతూనే ఉంది. మళ్లీ ఆడిట్ మొదలవగానే కొత్త కాగితం తీసి, టూల్ ఏ పని చేస్తోంది, ఏ సమాచారం తింటోంది, దాన్ని మార్చే అధికారం ఎవరికుంది అని వరసగా రాసుకుంది. తర్వాత, కిందటేడు టూల్ "తప్పక అమ్ముడుపోతుంది" అన్న సరుకుల జాబితాలోంచి అరవై రకాలు ఏరింది. ఏడాది గడిచింది కాబట్టి అవి నిజంగా అమ్ముడుపోయాయో లేదో చూడొచ్చు. ఒక్కోదానికీ బయటి కొనుగోలుదారు పేరున ఉన్న బిల్లు వెతికింది.

నలభై ఒక్క రకాలకు ఒక్క బిల్లూ దొరకలేదు.

టూల్ మాత్రం ఈ ఏడు కూడా తన కచ్చితత్వం తొంభై నాలుగేనని చెప్పుకుంటోంది. ఆమె మర్నాడే ఒక డిపోకు బయల్దేరింది.

అక్కడి స్టోర్ కీపర్ ముప్పై ఏళ్లుగా ఉన్న మనిషి. రబ్బరు సీళ్ల పెట్టెలున్న అర దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక్కో పెట్టె మీద మూడేసి డిపోల స్టిక్కర్లు, ఒకదాని మీద ఒకటి.

"ఇవి అమ్ముడుపోయి వాపసు వచ్చాయా?" అని అడిగింది.

"అమ్మడమెక్కడమ్మా. ఇక్కడ చోటు లేకపోతే అక్కడికి, అక్కడ లేకపోతే ఇంకోచోటికి. ఊరేగిస్తున్నాం."

"కంప్యూటర్లో ఏమని ఎక్కిస్తారు?"

"ఇదివరకు బదిలీకి ఒక కోడ్, అమ్మకానికి ఒక కోడ్ ఉండేవి. రెండేళ్ల కిందట రెండూ కలిపేశారు. ఇప్పుడు గేటు దాటితే అన్నీ ఒకటే."

అతను ఒక సీలు తీసి వంచాడు. పుటుక్కున విరిగింది.

విషయం అంతా ఆమెకు అక్కడే అర్థమైంది. డిపో నుంచి డిపోకు వెళ్లిన సరుకును టూల్ అమ్మకమని నేర్చుకుంది. తన జోస్యం నిజమైందా అని సరిచూసుకున్నప్పుడూ అదే గేటు లెక్కను చూసింది. పాఠం తప్పు, పరీక్ష పేపరూ అందులోంచే. అందుకే మార్కులు బాగా వచ్చాయి.

కోడ్‌లు కలిపిన మార్పుకు కంపెనీలో ఎవరి అనుమతీ లేదు. ఎవరైనా సరిచూశారా అని కిందటేడు ఆమె అడగలేదు. బయటి బిల్లు లేని కదలికలన్నీ బదిలీలుగా తీసేసి, ఆ సమాచారంతో టూల్‌ను వేరే కాపీలో మళ్లీ నడిపించింది. దాన్నే నమ్ముకోకుండా, సరుకు వయసు, బయటి బిల్లులు మాత్రమే తీసుకుని తనే విడిగా లెక్క కట్టింది. రెండూ దగ్గరదగ్గరగా వచ్చాయి. తగ్గించాల్సిన విలువ కంపెనీ కిందటేడు చూపించిన లాభం కంటే ఎక్కువ.

నివేదిక మీద సంతకం చేసేది ఆఫీసు పార్ట్‌నర్. ఆమెకు పని నేర్పింది ఆయనే. కాగితాలన్నీ చదివి పక్కన పెట్టాడు.

"ఈ ఏడాది పని బ్రహ్మాండంగా చేశావు. ఇందులో కొంత కిందటేడు ఫైల్లో కూడా ఉంటే బాగుంటుంది," అన్నాడు.

"కిందటేడు చెయ్యలేదు కదా సార్."

"చేశాం, రాయడం మరిచిపోయాం అనుకో. పాత తేదీతో రెండు కాగితాలు. నీ కోసమే చెబుతున్నానమ్మా. ఆ సంతకం నీదే."

"ఫైలు మూసేశాక కొత్తగా చేర్చేది ఏదైనా, ఎప్పుడు చేర్చాం, ఎవరు చేర్చారు, ఎందుకు చేర్చామో రాయాలి. మీరే నేర్పారు."

"నీకు పిల్లలున్నారు."

"ఉన్నారు సార్."

ఆమె తన బల్ల దగ్గరికి వెళ్లింది. మూసిన ఫైలు తెరిచింది. తర్వాత కిందటేటి ఫైలుకు ఒక్క పేజీ చేర్చింది, ఇవాళ్టి తేదీతోనే. టూల్‌ను తాము పరీక్షించలేదని, అమ్మినవాళ్ల పత్రం మీదే ఆధారపడ్డామని, తర్వాత ఏం పరీక్ష చేస్తే ఏం తేలిందో, ఏ జాబితా ఎక్కడుందో రాసింది. ఎవరు చదివినా అదే లెక్క మళ్లీ కట్టుకునేలా రాసింది. పాత వాక్యాన్ని కొట్టెయ్యలేదు.

రాత్రి భర్తకు చెప్పింది. అతను జోకేమీ వెయ్యలేదు. "పిల్ల ఫీజు కట్టేశాం, అదొక్కటి నయం" అని దీపం తీసేశాడు.

తర్వాతివన్నీ జరగాల్సినట్టే జరిగాయి. కంపెనీ పాత లెక్కలు సవరించి మళ్లీ ప్రకటించింది. బ్యాంకు అప్పు పరిమితి తగ్గించింది. ఐదు డిపోలు మూతపడ్డాయి, స్టోర్ కీపర్ ఉన్న డిపో కూడా అందులో ఒకటి. ఆడిట్ల మీద ఆడిట్ చేసేవాళ్లు వచ్చి ఫైళ్లు తీసుకెళ్లారు. ఆఫీసుకు జరిమానా పడింది. పార్ట్‌నర్ ఆరోగ్యం బాగాలేదని ముందే తప్పుకున్నాడు. ఆమె ఆడిట్ పని చెయ్యకూడదని రెండేళ్ల నిషేధం వచ్చింది. తప్పు ఆమే బయటపెట్టిందని తీర్పులో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం వల్ల మూడేళ్లు రెండేళ్లయిందని లాయరు చెప్పాడు.

స్టోర్ కీపర్‌ను చూడ్డానికి ఒకసారి వెళ్లింది. అతను ఇంటి ముందు గదిలో పాత పంపు విప్పి బాగుచేస్తున్నాడు. స్టూలు జరిపాడు.

"నేను నోరు విప్పకుండా ఉండాల్సిందమ్మా. ఇంకో ఏడాది జీతం వచ్చేది," అన్నాడు.

"టూల్ వచ్చిన ఏడాదే మిమ్మల్ని అడగాల్సింది. దాని మాట విని మరుసటి ఏడాది మళ్లీ అవే సీళ్లు కొన్నారు. ఆ కొనుగోళ్లు లేకపోతే అన్ని డిపోలు మూసేవారు కాదేమో."

"ఎన్ని మూసేవారు?"

"తెలీదు. రెండేమో. లెక్క కట్టడానికి ఆధారం లేదు."

అతను తల ఊపి, చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు. మా డిపో ఆ రెండింట్లో ఉండేదా అని అడుగుతాడని ఆమె భయపడింది. అతను అడగలేదు. బోల్టు బిగుసుకుపోయింది, ఈ పక్కన కాస్త పట్టుకోమన్నాడు. ఆమె కింద కూర్చుని పట్టుకుంది.