గన్నవరం మీద నలభై నిమిషాలు

బందరు ఇనగుదురుపేటలో ఏ ముస్లిం ఇంట్లో ఆడమనిషి పోయినా ముందు లతీఫాకి కబురు వెళ్తుంది. శవానికి చేయించే ఆఖరి స్నానాన్ని గుసుల్ అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆ పని ఆమెదే. ఎవరింటి నుంచీ ఏమీ తీసుకోదు. పనయ్యాక ఇంటికెళ్లి తలస్నానం చేసి, ఒక గ్లాసు టీ తాగి పడుకుంటుంది. "దూరాన ఉన్నవాళ్లు రావాలని పోయిన మనిషిని ఆపకండి. ఆపితే ఆ శరీరానికే కష్టం" అని కూతుళ్ల కోసం ఎదురుచూస్తున్న ఎన్ని ఇళ్లల్లో చెప్పిందో ఆమెకే గుర్తులేదు.

ఆమెకు ఈ పని నేర్పింది సొంత అక్క సబీనా. తల్లి పోయినప్పుడు చెల్లెలి చేతిలో నీళ్ల చెంబు పెట్టి, "భయపడకు, అమ్మే కదా" అంది. కిడ్నీలు పాడై రెండేళ్లుగా డయాలసిస్‌కి తిరుగుతున్న సబీనా, ఈమధ్య ఒకటే మాట అనేది. "నన్ను మాత్రం నువ్వే కడగాలి లతీఫా. వేరే చేతులు నాకొద్దు."

డిసెంబరులో లతీఫా హైదరాబాదులో కూతురి పురుడు పోయడానికి వెళ్లింది. ఆమె వెళ్లిన పదకొండో రోజు సాయంత్రం సబీనా పోయింది. అక్క కొడుకు ఫహీమ్ ఫోన్ చేసి, మర్నాడు మధ్యాహ్నం జోహర్ నమాజు తర్వాత ఖననం అని చెప్పాడు. లతీఫా వెంటనే బస్సుకి బయల్దేరబోయింది. అల్లుడు ఆపాడు.

"రాత్రంతా బస్సులో కూర్చుని ఏం వెళ్తారత్తయ్యా? పొద్దున్నే ఫ్లైట్ ఉంది. గంటలో గన్నవరంలో దిగుతారు. అక్కణ్ణుంచి కారులో తొమ్మిదిన్నరకల్లా ఇంట్లో ఉంటారు."

అతను మంచికే చెప్పాడు. లతీఫా అప్పటిదాకా విమానం ఎక్కలేదు.

పొద్దున ఆరూ ముప్పావుకి విమానం లేచింది. ఏడున్నర దాటాక కిందికి దిగుతున్నట్టే ఉండి, మళ్లీ సమంగా వెళ్లడం మొదలుపెట్టింది. కిటికీలోంచి చూస్తే పొలాల్లేవు, కాలువల్లేవు. పరిచిన దూదిలా తెల్లటి మంచు. సూర్యుడు ఒకసారి ఆమె వైపు కిటికీలో కనిపించాడు. కాసేపటికి అవతలి వైపు వెళ్లాడు. మళ్లీ ఇటు వచ్చాడు.

పైలట్ ముందు ఇంగ్లీషులో, తర్వాత హిందీలో ఏదో చెప్పాడు. హిందీ ఆమెకు వచ్చు. కానీ ఆ హిందీలో కూడా అసలు మాట ఇంగ్లీషే. హోల్డింగ్ ప్యాటర్న్ అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. అదే ఆమెను ఇంకా భయపెట్టింది.

పక్క సీట్లో డెబ్బై ఏళ్లాయన పేపరు మడిచి పెట్టుకుని కూర్చున్నాడు. పేరు రామబ్రహ్మం, ఊరు పామిడిముక్కల. ఎయిర్‌పోర్టు కంట్రోల్ టవర్లలో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరయ్యాడు.

"ఏవండీ, చక్రాలు రావట్లేదంటున్నాడా?" అని అడిగింది.

"అబ్బే, విమానానికేం కాలేదమ్మా. కింద రన్‌వే కనిపించడం లేదు, మంచు. అందుకని టవర్ వాళ్లు కాసేపు పైనే ఉండమన్నారు. ఉండమంటే గాల్లో ఆగలేదు కదా. ఒక చోటు గుర్తుపెట్టుకుని దాని చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతారు. ఒక నిమిషం తిన్నగా, ఒక నిమిషం మలుపు, మళ్లీ తిన్నగా, మళ్లీ మలుపు. చుట్టుకి సుమారు నాలుగు నిమిషాలు."

"ఇంకో విమానం వచ్చి గుద్దదా?"

"వస్తే దానికి మనకంటే వెయ్యడుగులు పైన చోటిస్తారు. ఎవరి ఎత్తు వాళ్లది. కిందవాళ్లు దిగాక పైవాళ్లని ఒక్కో మెట్టూ దింపుతారు. మేం చేసిన పని అదేనమ్మా."

"మరి ఎంతసేపు తిరుగుతారండీ?"

ఆయన ఆమె వైపు తిరిగాడు. "మీకేమైనా అర్జంటా?"

చెప్పింది. అక్క సంగతి, జోహర్ సంగతి, తను చేయాల్సిన పని. ఆయన కళ్లజోడు తీసి చేతిలో పెట్టుకున్నాడు.

"అబద్ధం చెప్పను తల్లీ. తిరగడానికి కొంత, వేరే ఎయిర్‌పోర్టుకి వెళ్లడానికి కొంత, ఆపైన అవసరానికి ఇంకొంత ఆయిల్ వేసుకొస్తారు. తిరగడానికి వేసుకున్నది అయిపోయిందంటే మిగతాది తిరగడానికి ముట్టుకోరు. ఆలోపు మంచు విడిచిందా, దిగుతాం. లేదంటే వెనక్కి హైదరాబాదే."

"ఒక్కసారి దిగి చూడొచ్చు కదండీ? నేల ఇక్కడే ఉంది కదా?"

"ఉంది. కనపడాలి కదమ్మా."

ఆమె సూర్యుణ్ణి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కిటికీలోకి వచ్చిన ప్రతిసారీ ఒక చుట్టు. తొమ్మిది లెక్కపెట్టింది. పదోసారి సూర్యుడు రాలేదు. రెక్క సమమైంది, ఇంజన్ల మోత పెరిగింది. పైలట్ మళ్లీ మాట్లాడాడు. ఈసారి హైదరాబాదు అన్న మాట ఆమెకు అర్థమైంది. రామబ్రహ్మం మంచినీళ్ల సీసా మూత తీసి ఆమెకిచ్చాడు.

తొమ్మిదిన్నరకి హైదరాబాదులో దిగారు. ఎవరినీ కిందికి దింపలేదు. ఫోన్లు చేసుకోవచ్చన్నారు. పిన్నిని ఖాలా అని పిలిచే ఫహీమ్ మొదటి రింగుకే ఎత్తాడు.

"ఎక్కడున్నావు ఖాలా? కారువాడు గన్నవరంలో ఎదురుచూస్తున్నాడు."

"హైదరాబాదులోనే ఉన్నాను బాబూ." మంచు సంగతి చెప్పింది.

అవతల కాసేపు ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. "సాయంత్రం అసర్ నమాజు దాకా ఆపుదామా? పెద్దవాళ్లు నీ మాట అడగమంటున్నారు. అమ్మీ కాళ్లు, మొహం బాగా ఉబ్బాయి ఖాలా."

లతీఫా రామబ్రహ్మం వైపు తిరిగింది. "మధ్యాహ్నం మూడింటికి బందరులో ఉంటానాండీ?"

"మంచు పదింటికి విడుస్తుంది. కానీ ఈ సిబ్బంది డ్యూటీ టైము అయిపోతే వేరేవాళ్లు రావాలి. ఉంటారని నేను మాటివ్వలేను."

అక్క శరీరం ఎలా ఉండి ఉంటుందో ఆమెకు తెలుసు. అలాంటివాళ్లను ఎందరినో తన చేతులతో కడిగింది.

"ఆపొద్దు. నస్రీన్‌కి ఫోన్ ఇయ్యి" అంది.

నస్రీన్ ఫహీమ్ భార్య. ఎన్నడూ ఈ పని చేయలేదు, ఏడుస్తోంది. లతీఫా కిటికీ వైపు తిరిగి గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది. "ఏడవకు. తలుపు మూసెయ్. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయా? మీద దుప్పటి తియ్యకు, దాని కిందనుంచే కడగాలి. ముందు కుడివైపు. ఎడమచేతికి సూదుల పోట్లున్నాయి చూడు, అక్కడ రుద్దకు, నీళ్లు జారనియ్యి చాలు. తర్వాత జుట్టు. మెల్లిగా అమ్మా, మెల్లిగా."

ఫోన్లో నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. లతీఫా కుడిచెయ్యి తన మోకాలి మీద దానంతటదే కదులుతోంది. ముందు సీట్లో గట్టిగా మాట్లాడుతున్న మనిషి ఆపేశాడు. టీ తెచ్చిన ఎయిర్ హోస్టెస్ రెండు వరసల అవతలే నిలబడిపోయింది. ఆఖర్న కర్పూరం నీళ్లు పోయించి, "చాలు. నాకు ఫోటో పంపొద్దు" అని లతీఫా ఫోన్ పెట్టేసింది.

కొత్త సిబ్బంది వచ్చి విమానం లేచేసరికి పన్నెండున్నర. ఈసారి చుట్టు తిరగకుండా తిన్నగా దిగింది. ఎండ ఫెళ్లున కాస్తోంది. రామబ్రహ్మం ఆమె సంచి కారుదాకా మోసుకొచ్చి, "అన్నేళ్లు పైనే ఆగమని చెప్పిన గొంతు నాదేనమ్మా. పైన ఎవరు, ఎందుకు వస్తున్నారో మాకు తెలిసేది కాదు" అన్నాడు.

"తెలిసినా దించలేరు కదండీ" అంది లతీఫా.

ఆమె వెళ్లేసరికి మూడున్నర. ఇంటి ముందు కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చేస్తున్నారు. నస్రీన్ వచ్చి తన రెండు చేతులూ ఆమె చేతుల్లో పెట్టింది. ఇంకా కర్పూరం వాసన వేస్తున్నాయి. "సరిగ్గానే చేశానా ఖాలా?" అని అడిగింది.

"చేశావు" అంది లతీఫా. ఆ చేతులు వదలకుండా గడప మీదే కూర్చుండిపోయింది.