సున్నాకి బదులు ‘ఓ’

నరసరావుపేట దగ్గర ఒక నూలు మిల్లులో హసీనా అకౌంటెంటు. ఆ నెల జీతాల ఫైలును బ్యాంకు తిప్పి పంపింది. ఫార్మాట్ తప్పంది గానీ ఆ తప్పు ఎక్కడుందో చెప్పలేదు. మళ్ళీ పంపినా తిరిగొచ్చింది.

బ్యాంకు వల్లే జీతాలు ఆగాయంటే కార్మికులు నమ్మలేదు. వాళ్ళలో చానామంది ఇంతకుముందు పనిచేసిన మిల్లు కూడా బ్యాంకు పేరు చెప్పి చెప్పి మూతపడింది. మిషన్ నడిపే యోహాను వచ్చి అడిగాడు.

"నిజం చెప్పక్కా, మూసేస్తన్నారా?"

"లేదురా. ఫైల్లోనే ఏదో ఉంది. కాస్త ఓపిక పట్టు."

"ఆడా ఇట్టాగే అన్నారు," అని వెళ్ళిపోయాడు.

హసీనా ఫైలును రెండు ముక్కలు చేసి బ్యాంకు సైట్లో విడివిడిగా చెక్ చేసింది. ఆగిన ముక్కను మళ్ళీ సగం చేసింది. అలా విడదీస్తూ పోతే చివరికి ఒక్క వరుస మిగిలింది. కొత్తగా చేరిన మనిషిది. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో ఐదోది సున్నా ఉండాలి. ఇంగ్లీషు ‘ఓ’ ఉంది. టైపు చేసింది తనే. ఆ ఒక్క అక్షరానికి బ్యాంకు అందరి జీతాలూ ఆపేసింది.

సరిచేసి పంపింది. ఓనరు ఆమోదించాక జీతాలు పడ్డాయి. వెంటనే యోహానుకు ఫోన్ చేసింది. అవతల రైలు చప్పుడు.

"పడ్డాయక్కా. కానీ పిల్లల్ని తీసుకుని తిరుప్పూరు పోతన్నాం. అక్కడి మిల్లుకి కూలీల్ని తీసుకెళ్ళే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నా. ఇక రాలేను."

తప్పు తనదేనని చెప్పాలనుకుంది. కానీ జాగ్రత్తగా వెళ్ళమని మాత్రం చెప్పి ఫోన్ పెట్టేసింది. మర్నాడు మేనేజరు చెప్పగా, జీతాల ఫైల్లోంచి యోహాను పేరు తీసేసింది.