వేచి ఉన్నవారు: ఒకరు

మా కుట్టు మిషన్ల అక్క చేతిలో కత్తెర పడితే గుడ్డ తనంతట తానే తెగుతుందని మా వీధిలో అంటారు. అదంతా ఒట్టి మాట. కత్తెర పెట్టేముందు ఆవిడ మూడుసార్లు కొలుస్తుంది, నాలుగోసారి నన్ను తిడుతుంది. నేను ఆ కొట్లోనే అంచులు కుట్టి, గుండీలు వేస్తాను. నా నోరు మంచిది కాదని అందరూ అంటారు. నిజమే, ఆ నోటితోనే ఆ ఆదివారం పొద్దున ఆవిడ గుండె కోసేశాను.

అక్కకి ఒక చెల్లెలుంది. ఇద్దరూ ఒకే బల్ల మీద పెరిగారు, ఒకే సూదికి దారం ఎక్కించారు. చెల్లెలు వేరే కొట్టు పెట్టుకుంటానంటే, అక్కకి ఒళ్ళు మండి, "వెళ్ళు, మళ్ళీ నా గుమ్మం తొక్కకు" అంది. చెల్లెలు కూడా పౌరుషం గల మనిషే, వెళ్ళిపోయింది. ఆనాటి నుంచీ అక్క నోట దాని పేరు రాలేదు. కానీ జాకెట్టుకి చంకలో ముడత పడకుండా చెయ్యి ఎక్కించడం చెల్లెలికి వచ్చినంత బాగా తనకి రాదని, ఎవరూ అడక్కపోయినా చెబుతూ ఉంటుంది.

ఈమధ్య అక్క ఆదివారాలు మధ్యాహ్నం కుట్టుపని ఇంటర్నెట్‌లో లైవ్‌గా నేర్పుతోంది. ఆ వారం పాఠం పేరు "చేతి ముడత ఎందుకు పడుతుంది?" ఎవరి కోసం పెట్టిందో నాకు తెలియదా!

పొద్దున నేను వెళ్ళేసరికి అక్క తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. మొహం వెలిగిపోతోంది.

"ఇటు రావే! పాఠం మధ్యాహ్నమైతే ఇప్పట్నుంచే ఒకరు వేచి ఉన్నారు చూడు. పొద్దున్నించీ ఒకరే. కదలట్లేదు. ఇంత ఓపిక ఎవరికుంటుంది చెప్పు? అదే!"

తెరమీద రెండు అంకెలున్నాయి. రిమైండర్లు నలభై ఆరు. వేచి ఉన్నవారు ఒకరు.

"అక్కా, రిమైండరంటే గంట గుర్తు నొక్కినవాళ్ళు. ఒకసారి నొక్కితే, వాళ్ళే తీసేసేదాకా లెక్కలో ఉంటారు. వాళ్ళకి కబురు వెళ్తుంది, వస్తారో రారో వాళ్ళిష్టం. పెళ్ళికొస్తామన్నవాళ్ళంతా వస్తారా? వేచి ఉన్నవారంటే ఈ క్షణాన ఆ పేజీ తెరిచి పెట్టుకున్నవాళ్ళు. అదీ ఇంచుమించు లెక్కే. ఒకే మనిషి రెండు ఫోన్లలో తెరిస్తే రెండుగా పడొచ్చు, ఒకే ఫోను చుట్టూ నలుగురు కూర్చున్నా ఒకటే. ఎవరన్నది మాత్రం చూపించదు."

"ఎవరన్నది నాకు తెలుసులే," అంది అక్క.

ఆ ఆశ చూసి నాకు భయమేసింది. ఇస్త్రీ బల్ల దగ్గరికెళ్ళాను. కొలతలు చూసుకునే ట్యాబ్ అక్కడ ఛార్జింగ్‌లో ఉంది. పాఠం పేజీకి పెట్టిన బొమ్మ బాగా పడిందో లేదో చూద్దామని నిన్న అక్కే అందులో చూసేవాళ్ళ పేజీ తెరిచింది. తెర ఆరకుండా పెట్టుకోవడం ఆవిడకి అలవాటు. పేజీ అలాగే ఉంది.

నోరు మూసుకోవచ్చుగా? మూసుకోలేదు. "అక్కా, ఆ ఒకరూ నువ్వేనే!"

అక్క వచ్చి ట్యాబ్ చూసింది. పేజీ మూసేసింది. కంప్యూటర్లో ఒకటి ఇంకా ఒకటిగానే ఉంది. "చూశావా!" అంది. అంకె వెంటనే మారదని చెప్పేలోపే, ఒకటి పోయి సున్నా అయింది.

అలా ఏడ్చిన అక్కని నేనెన్నడూ చూడలేదు. నా నాలుక కోసి కుక్కకెయ్యాలనిపించింది. "ఆ నలభై ఆరులో ఉండొచ్చు కదక్కా," అన్నాను.

"ఉంటుందంటావా?"

"ఏమో. ఉండొచ్చు, లేకపోవచ్చు. ఆ అంకె ఎవరి పేరూ చెప్పదు."

అక్క చెంగుతో మొహం తుడుచుకుంది. ట్యాబ్ తీసుకుని మళ్ళీ ఆ పేజీ తెరిచి బల్ల మీద నిలబెట్టింది.

"ఎందుకే అక్కా, దొంగ లెక్క?"

"అది ఎవరూ లేని ఇంట్లోకి ముందుగా అడుగు పెట్టదు. చిన్నప్పట్నుంచీ అంతే. గుమ్మంలోంచే వెనక్కి తిరిగిపోతుంది. సున్నా చూసి వెళ్ళిపోతే? ఒకరున్నారని కనపడనీ."

కాసేపటికి సున్నా ఒకటయింది. పాఠానికింకా చాలా టైముంది. అక్క గుడ్డ పరిచి, చేతి ముక్క కత్తిరించడం మొదలుపెట్టింది. నేను గుండీల డబ్బా తీశాను.

తలెత్తి చూస్తే అంకె రెండు.

అక్క నా వైపు చూసింది. నా ఫోను ఇంట్లోనే ఉందని ఖాళీ చేతులు చూపించాను. "అయినా అక్కా, అది ఎవరో..." అని మొదలుపెట్టబోయాను.

"నీకు దణ్ణం పెడతాను, చెప్పకు," అంది అక్క. "పాఠం మొదలయ్యేదాకా ఇద్దరం ఉన్నామనుకోనీ."