ఒక్క స్లైడులో ఐదు దశలు

మా కాలేజీలో ఆమెను పేరుతో పిలిచేవాళ్లు లేరు, అందరికీ స్లైడక్కే. బయాలజీ ల్యాబులో గాజుసామాను కడగడానికి చేరి పదకొండేళ్లయింది. పక్కనున్న కెమిస్ట్రీ ల్యాబులో అదే పని నాది. నాకు నోరెక్కువ, ఆమెకు ఓపికెక్కువ. మొగుడు కొట్టిన వాతలు కొంగు కింద దాచుకొని వచ్చి, చీకూ చింతా లేనట్టు గాజుపలకలు తుడుస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

ఈ ఏడాది ల్యాబ్ అసిస్టెంటు పోస్టు ఖాళీ అయింది. అది వస్తే లేడీస్ హాస్టల్లో ఒక గది ఇస్తారు. గదికి లోపలి నుంచి గడియ ఉంటుంది. ఆమెకు కావలసింది ఆ గడియే. పరీక్ష ఏమిటంటే, ఉల్లి వేరు కొనలతో సొంతంగా స్లైడ్లు చేసి, గుర్తులు పెట్టి, చీటీలు అంటించి, కణం రెండుగా చీలే ఐదు దశలను వాటిలో చూపిస్తూ వరసగా వివరించాలి. ఆమె ఐదు స్లైడ్లు చేసుకుంది. వరస తప్పకుండా ఒక మాట కూడా కట్టుకుంది: "ప్రతి మగాడూ చివరికి అంతే." మొదటి అక్షరాలు పట్టుకుంటే ప్రథమ, మధ్యస్థ, చలన, అంత్య దశలు. నేను పడీ పడీ నవ్వాను. ఆమె నవ్వలేదు.

పరీక్ష రోజు పొద్దున నా దగ్గరికి వచ్చేసరికి ఆమె ఎడమ కన్ను వాచి పూర్తిగా మూసుకుపోయింది. పెదవి చిట్లింది. ఉద్యోగమొస్తే పెళ్లాం చెయ్యి జారిపోతుందని మొగుడి చెవిన ఎవరో వేశారట. స్లైడ్ల చెక్కపెట్టెతోనే మొహం మీద బాదాడు. కింద చెల్లాచెదురైన స్లైడ్లను చెప్పుకాలితో నలిపాడు. ఏరుకోబోతే ఆమె చేతిని కూడా గాజుముక్కల మీద పెట్టి తొక్కాడు. పట్టకారుతో ఆ ముక్కలు ఒక్కొక్కటే పీకి కట్టు కట్టాను.

మిగిలింది ఒక్క స్లైడు. అంచు విరిగింది, చీటీ రక్తంలో నాని ఊడిపోయింది. వాయిదా అడుగుదామన్నాను.

"ఒక్కటి చాల్లే," అంది.

తోడుగా నేనూ బయాలజీ ల్యాబులోకి వెళ్లాను. ప్రిన్సిపాలూ, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడూ ఆ మొహం చూసి చూపు స్లైడు మీదికి తిప్పుకున్నారు. చీటీ లేని స్లైడుతో ఏం చెబుతావని పరీక్షకుడు అడిగాడు.

"చీటీ అంటించింది నేనే కదండీ. అది ఊడితే లోపలున్నది మారిపోదు."

పెరిగే వేరు కొనలో కణాలన్నీ ఒకే దశలో ఉండవట. ఒక్కోటి ఒక్కో దశలో దొరుకుతుందట. ఇన్నేళ్లు పక్క గదిలో ఉండి కూడా ఆ సంగతి నాకు తెలియదు. మైక్రోస్కోపుకు ఒక కన్ను చాలు, రెండోది మొగుడే మూసి పంపాడు. ఆమె స్లైడును కొంచెం కొంచెం జరుపుతూ, ఒక్కో కణాన్నీ నడిమికి తెచ్చి వాళ్లిద్దరికీ చూపించింది. ప్రథమ దశలో సన్నటి పోగులు చుట్టుకొని లావెక్కి క్రోమోజోములవుతాయి, కేంద్రకం చుట్టూ ఉన్న పొర చెదిరిపోతుంది. మధ్యస్థ దశలో అవన్నీ కణం నడుమ బారు తీరుతాయి, రెండు వైపుల నుంచీ కండె పోగులు వచ్చి పట్టుకుంటాయి. చలన దశలో జంటలు విడిపోయి చెరో కొసకు లాగబడతాయి.

అంత్య దశ కోసం వెతుకుతుండగా తలుపు దడాలున తెరుచుకుంది. మొగుడు. వచ్చీ రావడంతోనే జుట్టు పట్టి ఆమె తలను బల్లకేసి కొట్టాడు. పెద్దమనుషులిద్దరూ కుర్చీల్లోంచి లేచారు గానీ అడుగు ముందుకు వెయ్యలేదు. కోపంతో నాకు కళ్లు కనపడలేదు. మా ల్యాబు నుంచి వచ్చి మూలనున్న, బ్యూరెట్టు తగిలించే ఇనుపస్టాండు ఎత్తి వాడి మణికట్టు మీద వేశాను. ఎముక విరిగిన చప్పుడు గదంతా వినిపించింది. చెప్పడానికి నాకేం సిగ్గు లేదు, హాయిగా అనిపించింది. వాచ్‌మన్ వాణ్ని ఈడ్చుకుపోయాడు.

ఆమె నుదుటి రక్తం తుడుచుకొని, మైక్రోస్కోపు అద్దం కదిలిందేమో చూసుకొని, మళ్లీ కన్ను ఆనించింది.

"అంత్య దశండీ. రెండు కొసల్లోనూ కొత్తగా పొర ఏర్పడుతుంది. క్రోమోజోములు మళ్లీ సన్నటి పోగులవుతాయి. తర్వాత నడుమ గోడ లేస్తుంది. రెండు కణాలు."

ఎలా గుర్తు పెట్టుకున్నావని పరీక్షకుడు అడిగితే తన మాట ఉన్నదున్నట్టు చెప్పేసింది. ప్రిన్సిపాలుకు దగ్గు వచ్చింది.

"అందులో నాలుగే ఉన్నాయి కదమ్మా. మరి ఐదోది?" అన్నాడు పరీక్షకుడు.

"అది అన్నిటికంటే ముందుదండీ, అంతర్దశ. పైకి చూస్తే కణం ఊరికే కూర్చున్నట్టుంటుంది. కానీ చీలడానికి కావలసినవన్నీ అప్పుడే లోపల రెండేసి తయారవుతాయి. ఎక్కువ కాలం గడిచేది అందులోనేనండీ."

సాయంత్రం నాలుగింటికి ఉద్యోగం ఆమెదేనన్నారు. ఆమె తిన్నగా నా ల్యాబుకొచ్చి, మూడు నెలల కిందట నా బీరువాలో పెట్టమని ఇచ్చిన పాత సంచి అడిగింది. చిరుగుబట్టలేమో అనుకొని నేను దాన్ని ఏనాడూ విప్పి చూడలేదు. నా ముందే విప్పింది. ఇంట్లో ఉన్నవాటికి రెండోవి: రెండు చీరలు, పళ్లెం, గ్లాసు, సర్టిఫికెట్ల నకళ్లు. అడుగున, ఇంకా ప్యాకెట్టు చించని తాళంకప్ప.

ఇన్నాళ్లూ నేను ఓపిక అని తిట్టుకున్నది దీన్నే. ఆ తాళాన్ని కట్టు కట్టిన అరచేతిలో పెట్టుకొని ఆమె ఏడ్చింది. పదకొండేళ్లలో నేను ఆమె ఏడుపు చూడటం అదే మొదటిసారి.