ఇద్దరూ కలిసి చించాల్సిన కాగితం

ఆల్బన్ తేలెన్ కప్పు వేసిన ఇల్లంటే, వాన వచ్చినప్పుడు ఆ ఇంట్లో వాళ్ళు తల ఎత్తి చూడక్కర్లేదు. మా ఐఫెల్ కొండల్లో తవ్వి తీసిన నల్ల పలకరాయిని సుత్తితో చేప పొలుసుల్లా చెక్కి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి మేకులు కొట్టేవాడు. మాటలు తక్కువ. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు మరీ తక్కువ.

ఆయన భార్య ఇర్మా, నేను చర్చిలో పక్కపక్కన నిలబడి పాడేవాళ్ళం. ఇళ్ళు కూడా పక్కపక్కనే. వాళ్ళకు ఇద్దరు పిల్లలు. కొడుకు వోల్కర్ తండ్రితో కప్పులెక్కేవాడు. కూతురు రోస్విటా ఆఫీసు పని చూసుకునేది.

ఒకసారి బడి కప్పు వేస్తుండగా హుబెర్ట్ అనే పనివాడు కింద పడ్డాడు. తుంటి విరిగి, మళ్ళీ సరిగా నడవలేకపోయాడు. విచారణకు వచ్చినవాళ్ళతో ఆల్బన్, పడితే ఆపడానికి కింద వల కట్టామని, అది గాలికి కొట్టుకుపోయిందని చెప్పాడు. రోస్విటాను అడిగారు. ఆమె, "ఆ రోజు వల కట్టలేదు. పని తొందరగా అయిపోవాలని నాన్నే వద్దన్నారు" అని చెప్పేసింది. ప్రమాద బీమావాళ్ళు హుబెర్ట్ మీద పెట్టిన ఖర్చును ఆల్బన్ దగ్గర రాబట్టారు. కోలుకోవడానికి ఏళ్ళు పట్టింది.

ఆ చలికాలమే మొగుడూ పెళ్ళాలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని వీలునామా రాసుకున్నారు. మా దేశంలో భార్యాభర్తలు కలిసి రాసుకుంటే ఒకరి చేతిరాత, ఇద్దరి సంతకాలు చాలు. రాసింది ఇర్మా. తమలో ఎవరు ముందు పోయినా మిగిలినవారికే అంతా. ఇద్దరూ పోయాక ఇల్లూ, పని షెడ్డూ, సర్వమూ వోల్కర్‌కే. చివర ఇంకో వాక్యం: రోస్విటాకు వారసత్వం లేదు. ఆల్బన్ కింద సంతకం చేసి, కాగితాన్ని బీరువాలో పెట్టాడు.

కూతురి మీద ఇర్మా కోపం ఎంతో కాలం నిలవలేదు. రోస్విటా అప్పటికే ఇల్లు వదిలి కోబ్లెంజ్ పట్నంలో ఉండేది. ఆల్బన్ పనిమీద వెళ్ళిన రోజుల్లో వచ్చి తల్లితో బంగాళాదుంప అట్లు తిని వెళ్ళేది. కొన్నాళ్ళకు ఆయన ఉన్నప్పుడూ రావడం మొదలుపెట్టింది. ఆయన "వచ్చావా" అనేవాడు. అంతే. కానీ లేచి వెళ్ళిపోయేవాడు కాదు.

"హెడ్విగ్, ఆ కాగితం చించేద్దాం అంటే ఆయన సరేనంటాడు" అని ఇర్మా నాతో అంది ఒకరోజు, ఆపిల్ తొక్క తీస్తూ. "చర్చి గోపురం పని అవ్వనీ అంటాడు. గోపురం అయింది. ఇప్పుడు మఠం కప్పు అవ్వనీ అంటున్నాడు."

"నువ్వే తీసి పొయ్యిలో పడెయ్యి."

"ఇద్దరం రాశాం. ఇద్దరం చించాలి. ఆయన చేత్తో చించితేనే దానికి అర్థం."

మఠం కప్పు సగంలో ఉండగా, పెరట్లో బట్టలు ఆరేస్తూ ఇర్మా కూలబడింది. ఆసుపత్రికి చేరేలోపే పోయింది.

వీలునామాను కోర్టులో ఇచ్చారు. కోర్టు దాని నకలు రోస్విటాకూ పంపింది. తల్లి చేతిరాతలో ఆ వాక్యాన్ని ఆమె మొదటిసారి చూసింది. ఆ నకలు పట్టుకుని ఎవరి మీదకీ పోట్లాటకు రాలేదు. నెల తిరక్కుండా సూప్ గిన్నెతో తండ్రి దగ్గరకు వచ్చింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చేది. ముసలాయన మోకాళ్ళకు మందు రాసేది, కిటికీలు తుడిచేది. రెండేళ్ళు అలా గడిచాక ఒకరోజు ఆల్బన్ నా తలుపు తట్టాడు.

"హెడ్విగ్, నోటరీ దగ్గరికి తీసుకెళ్తావా? కొత్త వీలునామా రాయాలి. ఇద్దరికీ చెరి సగం."

నోటరీ ఒక పెద్దావిడ. పాత కాగితం నకలు రెండుసార్లు చదివింది.

"తేలెన్ గారూ, ఇది మీరు మార్చలేరు."

"నా ఇల్లండీ. నేను కట్టుకున్నాను."

"మీదే. బతికున్నంత కాలం అమ్ముకోవచ్చు, ఖర్చుపెట్టుకోవచ్చు. కానీ మీ తర్వాత వోల్కర్‌కే అని మీ ఆవిడ రాసింది, మీరూ అదే మాట ఇస్తున్నారన్న నమ్మకంతో. ఒకరి మాట ఇంకొకరి మాటకు కట్టుబడి ఉంది. ఆవిడ పోయిన రోజున ఆ ముడి బిగిసిపోయింది. ఒకరు పోయాక బతికున్నవాళ్ళు మార్చుకోవచ్చు అని ఒక్క వాక్యం రాసుకుని ఉంటే సరిపోయేది. అది లేదు."

"అయితే ఇప్పుడే రోస్విటాకు రాసిచ్చేస్తాను."

"ఇవ్వొచ్చు. అయితే వోల్కర్‌కు దక్కకుండా చేయడానికే ఇచ్చారని తేలితే, మీ తర్వాత అతను ఆమె దగ్గర్నుంచి తిరిగి అడగొచ్చు. అక్కాతమ్ముళ్ళకు కోర్టు తగాదా పెట్టినట్టవుతుంది."

ఆల్బన్ టోపీ చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. "మరి ముందే వచ్చి ఉంటే?"

"ఆవిడ ఉన్నప్పుడైతే ఎప్పుడైనా ఇద్దరూ కలిసి చించేయొచ్చు. పోయాక కూడా, ఆవిడ ఆస్తి మీకు వద్దని ఆరు వారాల్లో కోర్టుకు చెప్పి ఉంటే, మీ వాటా మీ ఇష్టం అయ్యేది. ఆ గడువు దాటిపోయింది." ఆవిడ మళ్ళీ అంది, "నిజానికి మీ ఆవిడ ఒక్కరే నా దగ్గరికొచ్చి రద్దు చేస్తున్నానని రాయించుకునే వీలుండేది. ఆ పత్రం మీ చేతికి అందేది. అంతటితో అయిపోయేది."

"ఇర్మా అలా చేయదు" అన్నాడు ఆల్బన్. "నా కోసం ఆగింది."

ఇక మిగిలిన దారి ఒక్కటే. వోల్కర్ తనకు రాసినదాంట్లో సగం వదులుకుంటానని నోటరీ ముందు సంతకం పెట్టాలి. ఆ సాయంత్రం షెడ్డులో తండ్రి అడిగాడు. వోల్కర్ చెక్కుతున్న పలకరాయి కింద పెట్టాడు.

"నాన్నా, అక్క నిజం చెప్పింది. కాదనను. కానీ అప్పుల్లో మునిగినప్పుడు మీతో కప్పులెక్కింది ఎవరు? ఇదంతా నీదేరా అన్నారు. ఆ మాట నమ్మే కదా కొత్త యంత్రాలు తెచ్చాను."

"అన్నాను."

"అయితే నన్నెందుకు అడుగుతారు?"

ఆల్బన్ మళ్ళీ అడగలేదు.

ఆదివారం రోస్విటాకు అంతా చెప్పాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఇల్లు నాకెందుకు నాన్నా. ఆ చివరి వాక్యం ఉందే, అది లేకపోతే బాగుండేది."

ఆ మాట పట్టుకుని ఆల్బన్ మళ్ళీ నోటరీ దగ్గరికి వెళ్ళాడు. ఈసారి ఆవిడ తల ఊపింది. వోల్కర్‌కు ఇచ్చిన మాటకే ముడి. కూతుర్ని కాదన్న వాక్యానికి ఆ ముడి పడదు. దాన్ని మాత్రం ఆయన తన వంతుకు వెనక్కి తీసుకోవచ్చు. "కానీ దానివల్ల ఆమెకు చిల్లిగవ్వ రాదు. వారసుడు వోల్కరే" అంది.

"తెలుసు" అన్నాడు ఆల్బన్.

ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని తన చేత్తో రాశాడు. వంకర అక్షరాలు. రాసింది రోస్విటాకు చదివి వినిపించాడు: "నా కూతురు రోస్విటాకు వారసత్వం లేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వల కట్టలేదు. ఆమె చెప్పిందే నిజం. ఇర్మా దీన్ని ఎప్పుడో చించేద్దామంది. నేనే పని అయ్యాక అన్నాను."

రోస్విటా, "చాలు నాన్నా" అంటూ లేచి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. నీళ్ళ చప్పుడు మధ్య ఏడుస్తోందని నాకు తెలుసు. ఆల్బన్‌కు తెలిసిందో లేదో.

మరుసటి ఏడాది ఆకులు రాలే కాలంలో ఆయన పోయాడు. ఇల్లూ షెడ్డూ వోల్కర్‌వయ్యాయి. కన్నబిడ్డకు చట్టం తప్పనిసరిగా ఇచ్చే వాటా ఒకటుంది. ఆస్తి విలువలో నాలుగో వంతు, డబ్బు రూపంలో. రోస్విటా దాన్ని అడిగింది. తల్లి పోయినప్పుడు అడగలేదు, ఈసారి అడిగింది. అప్పటికి ఆమె ఉద్యోగం పోయింది. వోల్కర్ షెడ్డు తాకట్టు పెట్టి కట్టాడు. ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరూ ఇప్పుడు దారిలో ఎదురైతే పలకరించుకుంటారు కానీ, ఒకరి ఇంటికొకరు వెళ్ళరు.

ఇర్మా పోయినప్పుడు ఆగిపోయిన మఠం కప్పు మిగతా సగం వోల్కర్ పూర్తి చేశాడు. చక్కగానే ఉంది.