నాలుగో దెబ్బ ఖాళీ

బ్రాడీపేటలో మా డీటీపీ సెంటరు మేడమీద ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. శుభలేఖల దగ్గర్నుంచి పచ్చడి సీసాల లేబుళ్ళ దాకా అక్కడ నేను రాయని మాట లేదు. పొగరూ అంతే ఉండేది. నేను రాసిన దాంట్లో ఎవరైనా ఒక్క అక్షరం కదిపితే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు.

ఒక వేసవి మధ్యాహ్నం, మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగి ఊరంతా సగం నిద్రలో తుమ్ముతున్న వేళ, దర్శి నుంచి ఒక సాయిబుగారు, ఆయన భార్య మెట్లెక్కి వచ్చారు. ఆయన చేతిలో పాత బిస్కెట్ల డబ్బా, నిండా కారప్పూస. ఇరవయ్యేళ్ళు దర్శి బస్టాండులో అమ్మాడట. ఆయన కేక వింటే నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి కిటికీలోంచి చెయ్యి చాపేవాళ్ళట. పోయినేడు గొంతులో గడ్డకి ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది గానీ గొంతు పోయింది.

"బస్టాండుకి పొమ్మంటే పోవడం లేదు బాబూ," అంది ఆమె. "నోరు లేనివాడు ఏం అమ్ముతాడని ఇంట్లోనే కూర్చుంటున్నాడు. రంగు కవర్లు కొట్టిద్దామనుకుంటున్నాం. దానిమీద మీరు రాసేది జనం నోట్లో ఆడాలి. ఈయన అరవక్కర్లేకుండా వాళ్ళే అరవాలి. కాలేజీ పిల్లలకి ఇంగ్లీషుండాలి, మా బోటివాళ్ళకి తెలుగుండాలి."

ఆయన తలొంచుకుని డబ్బా మూత నిమురుతున్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఇదెంత పని అనుకుని అక్కడికక్కడే రాసేశాను. "ఘాటు మాది, మాట మీది." దాని కింద ఇంగ్లీషులో "ది స్పైస్ ఈజ్ అవర్స్, ది వర్డ్ ఈజ్ యువర్స్." పైకి చదివాను. ఆయన మూత మీద వేళ్ళతో దరువేశాడు. తెలుగు ముక్కకి దరువు గెంతుకుంటూ పోయింది. ఇంగ్లీషుకొచ్చేసరికి 'ది' దగ్గర తడబడి 'ఈజ్' దగ్గర చతికిలపడింది. కుదరదని చెయ్యి తిప్పాడు.

"ఆ తెలుగుకి సరైన ఇంగ్లీషు అదేనండీ!" అన్నాను, ఒళ్ళు మండి.

"తినేది కారప్పూస బాబూ. అర్థాలెవరిక్కావాలి?" అంది ఆమె.

వారమే గడువు. కవర్ల అచ్చుకి రంగుకో రోలరు చెక్కాలి, అది హైదరాబాదులో చెక్కుతారు. ఒకసారి చెక్కాక అక్షరం మార్చాలంటే మళ్ళీ కొత్త రోలరే.

ఆ వారమంతా నేను ఎక్కడున్నానో నాకే తెలీదు. ఫ్యాను తిరుగుతుంటే దరువు, ఆటో నడుస్తుంటే దరువు, అరమోడ్పు కళ్ళలో డబ్బా మీద ఆడుతున్న ఆయన వేళ్ళు. తెలుగైతే పొట్టీ పొడుగూ అక్షరాలు కొలుచుకుంటూ పోవచ్చు. ఇంగ్లీషు అలా కొలతకి లొంగదు, ఎక్కడ ఒత్తి పలికితే అక్కడే దెబ్బ పడుతుంది. తెలుగు కొలతకి ఇంగ్లీషు ఒత్తు కలిస్తే చాలు, అర్థాలు కవలపిల్లల్లా ఉండక్కర్లేదు. ఒక తెల్లవారుజామున కలో మెలకువో తేలని మగతలో వచ్చింది: "కరకర కారం, క్రంచ్ ఆల్ డే!"

వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు చదివాను. ఆయన వేళ్ళు లేచాయి. కర, కర, కా, రం. నాలుగు దెబ్బలు. క్రంచ్, ఆల్, డే. మూడు. నాలుగో దెబ్బ దగ్గర మాట లేదు, మూత మీద వేలు మాత్రం పడింది. అప్పటిదాకా నేను గమనించనే లేదు, నా మొహం!

"ఉండండుండండి. ఆల్ డే లాంగ్ అందాం. నిండిపోతుంది," అంటూ గబగబా కలిపాను.

ఆయన నా పెన్సిల్ లాక్కుని 'లాంగ్' కొట్టేశాడు. నేను మళ్ళీ రాశాను. మళ్ళీ కొట్టేశాడు.

"ఇక్కడ రాసేది నేనా, మీరా?" అని అరిచాను. గొంతు లేని మనిషి మీద గొంతు చించుకున్నాను. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఆయన మాటే ఉండనీ బాబూ," అంది ఆమె మెల్లిగా. మూడు దెబ్బలతోనే రోలర్లు చెక్కారు. తూకం తప్పిన మాట నా చేతిమీదుగా పోయిందని నెల్లాళ్ళు ఏడ్చుకున్నాను.

ఆ చలికాలం చుట్టాలింటికి పోతూ ఉంటే మా బస్సు దర్శిలో ఆగింది. రెండు పక్కలా పత్తి చేలు చూసీ చూసీ జోగుతున్నాను. వెనక సీట్లలోంచి కాలేజీ పిల్లలు ఒక్కసారిగా అందుకున్నారు.

"కరకర కారం, క్రంచ్ ఆల్ డే..."

ఠంగ్!

ఉలిక్కిపడి చూశాను. కిటికీ కింద సాయిబుగారు. భుజాన కవర్ల దండ, చంకలో అదే డబ్బా. పిల్లలు మళ్ళీ అన్నారు, 'డే' దగ్గర ఆగి ఆయన వంకే చూశారు. ఠంగ్! బస్సంతా నవ్వు. కిటికీల్లోంచి చేతులే చేతులు.

ఆ ఖాళీ ఆయన తనకోసం ఉంచుకున్నాడు. నేనేమో దాన్ని 'లాంగ్' అని పూడ్చబోయాను.

ఆయన నన్ను గుర్తుపట్టి, డబ్బా మీద చెయ్యెత్తి ఆగాడు. సిగ్గు విడిచి, తల బయటపెట్టి, బస్టాండంతా వినపడేలా నేనూ అరిచాను, మూడు దెబ్బల దాకా.